అంకె కనపడని లెక్క: బ్లైండ్ కౌంట్, రీకౌంట్, టాలరెన్స్ ఒకదానినొకటి ఎలా ఆనుకుని ఉంటాయి

సూపర్‌మార్కెట్ స్టాక్ లెక్కించే బృందంతో నేను పని చేసిన మొదటి రాత్రి నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. అందులో ప్రతి వస్తువు పేరు పక్కన కంప్యూటర్ ప్రకారం ఉండవలసిన నిల్వ అచ్చయి ఉంది. దాని పక్క గడిలో నా లెక్క రాయాలి. ఒక చోట 48 అని ఉంది, నాకు 47 వచ్చింది. పొరబడ్డాననుకుని మళ్లీ లెక్కించాను, 48 వచ్చింది. హాయిగా రాసేసి ముందుకు వెళ్లాను. ఇంకొక చోట 30 అని ఉంది. ముందున్న రెండు వరుసల్లోనే 30 కుదిరాయి. దాంతో మూడో వరుసలోకి చెయ్యి పెట్టి చూడాలని కూడా తోచలేదు. ఆ రాత్రి నా కాగితంలో తేడాలు చాలా తక్కువ వచ్చాయని మెచ్చుకున్నారు. నేను చేసింది లెక్కింపు కాదని, అచ్చయిన అంకెలకు సాక్ష్యం వెతకడమేనని అర్థం కావడానికి నాకు కొంత కాలం పట్టింది.

బ్లైండ్ కౌంట్ పుట్టింది ఈ జబ్బుకు మందుగానే. పేరు మాత్రం కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. గుడ్డిగా చేయడం అంటే మన భాషలో ముందూ వెనకా చూడకుండా చేయడం. ఇక్కడ అర్థం తలకిందులుగా ఉంటుంది. సరుకును కళ్లు పెట్టి చూడాలి, కంప్యూటర్‌లోని అంకెను మాత్రం చూడకూడదు. లెక్కించే మనిషి చేతిలోని స్కానర్ అర లేబుల్‌నూ వస్తువు బార్‌కోడ్‌నూ చదివి, ఎన్ని ఉన్నాయో అడుగుతుంది. ఎన్ని ఉండాలో చెప్పదు.

దీన్ని చాలామంది సిబ్బంది నిజాయతీకి సంబంధించిన ఏర్పాటు అనుకుంటారు. దొంగ లెక్క రాయకుండా ఆపడం దాని ఉపయోగాల్లో చిన్నది. అసలు ఉపయోగం వేరే ఉంది, మిగతా నియమాలన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. అంకె తెలియని మనిషి లెక్క కంప్యూటర్ అంకెతో సరిపోయిందంటే, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారుల్లో ఒకే జవాబు వచ్చినట్టు. ఒక దారి సరుకు రాక, అమ్మకాల నమోదు. రెండోది అర ముందు నిలబడిన మనిషి. కంప్యూటర్ అంకెను మనిషికి చూపించిన క్షణంలోనే ఆ రెండు దారులు ఒకటైపోతాయి. అప్పుడు సరిపోవడానికి విలువ ఉండదు.

ఊహకు అందేలా కొన్ని అంకెలు తీసుకుందాం. దుకాణంలో ఒక్కో వస్తువుకు ఒక వరుస చొప్పున 1000 వరుసలు లెక్కించాలి. వాటిలో 150 చోట్ల కంప్యూటర్ నిల్వే తప్పు. లెక్కించే మనిషి నూటికి మూడు చోట్ల పొరబడతాడు. కంప్యూటర్ సరిగా ఉన్న 850 వరుసల్లో అతని లెక్క సుమారు 825 చోట్ల సరిపోతుంది. మిగిలిన 175 చోట్ల తేడా కనిపిస్తుంది. పొరపాటున వచ్చిన అంకె ఎక్కడైనా పడవచ్చు కాబట్టి, అది సరిగ్గా కంప్యూటర్‌లోని తప్పు అంకె మీదే వచ్చి పడడం అరుదు. అందువల్ల ఆ 825 వరుసలను రెండోసారి ముట్టుకోనక్కర లేదు, 175 చూస్తే చాలు. వెయ్యి వరుసలనూ ఇద్దరిద్దరు లెక్కించకుండా ఒక్క రాత్రిలో పని ముగించగలగడానికి కారణం ఇదే. అదే అంకె కనిపిస్తూ ఉంటే, కంప్యూటర్ తప్పుగా ఉన్న 150 వరుసల్లో కొన్ని నిశ్శబ్దంగా సరిపోయిన వాటిలో కలిసిపోతాయి. ఎన్ని కలిసిపోయాయో తెలుసుకునే దారి ఉండదు. నా మొదటి రాత్రి జరిగింది అదే.

బ్లైండ్ కౌంట్‌కూ ఒక హద్దు ఉంది. కంప్యూటరూ మనిషీ ఒకే పొరపాటు చేస్తే అది పట్టుకోలేదు. 12 ముక్కలున్న పెట్టెను సరుకు దించుకున్నప్పుడు ఒకటిగా నమోదు చేసి, లెక్కించేటప్పుడు కూడా ఒకటిగానే రాస్తే రెండూ చక్కగా సరిపోతాయి. పెట్టె బార్‌కోడ్ వేరు, ముక్క బార్‌కోడ్ వేరు అన్న సంగతిని లెక్క మొదలుకాక ముందే బృందానికి చూపించాలి. దీనికి వేరే విరుగుడు లేదు.

బ్లైండ్ కౌంట్ చాలా దుకాణాల్లో కాగితం మీద ఉంటుంది, అరల దగ్గరికి వచ్చేసరికి కారిపోతుంది. తేడా వస్తే స్కానర్ బీప్‌మనడం ఒక కన్నం. ఆ శబ్దం వినగానే మనిషి అంకె మార్చి చూస్తాడు. బీప్ ఆగేదాకా మార్చగలడు. వస్తువుల జాబితాను ముందే ఇవ్వడం ఇంకొకటి. అంకెలు లేకపోయినా, పేరు ఉందంటే ఆ అరలో ఏదో ఉండాలని అర్థమవుతుంది. జాబితాలో లేని వస్తువు అరలో ఉంటే దాన్ని వదిలేస్తారు కూడా. అందుకే అర లేబుల్‌ను చదివి, కంటికి కనిపించిన ప్రతిదాన్నీ స్కాన్ చేసే పద్ధతే మేలు. అయితే ఆ పద్ధతిలో ఒక జాగ్రత్త కావాలి. సున్నా ఉన్నదానికీ, అసలు లెక్కించని దానికీ తేడా తెలియాలి. ఖాళీ అరను కూడా స్కాన్ చేసి సున్నా అని నిర్ధారించాలి.

అన్నిటికంటే పెద్ద కన్నం సూపర్‌వైజర్ గొంతు. "ఇంకోసారి చూడండి, ఇంకా పన్నెండు ఉండాలి" అన్న ఒక్క మాటతో పని అయిపోయింది. అతని ఉద్దేశం మంచిదే కావచ్చు. ఆ తర్వాత ఆ అరలో పన్నెండు దొరికినా, ఎక్కడి నుంచి దొరికాయో నమ్మకంగా చెప్పలేం.

ఇక్కడే రీకౌంట్ నియమాల అసలు చిక్కు ఉంది. ఎవరినైనా ఒక అరకు తిరిగి పంపామంటే, మొదటి లెక్క కంప్యూటర్‌తో సరిపోలేదని వారికి చెప్పినట్టే. ఏ అంకె కావాలో చెప్పకపోయినా, ఇప్పుడున్నది వద్దని చెప్పాం. మొదట లెక్కించిన మనిషినే పంపితే మరీ ప్రమాదం. అతనికి తన పాత అంకె గుర్తుంటుంది, దాన్ని ఎటో ఒకవైపు జరపాలని మనసు లాగుతుంది. రెండోసారి కూడా తేడా వచ్చి మూడోసారి పంపితే, అంకె కంప్యూటర్ దగ్గరికి చేరే వరకు తిప్పుతున్నారని అతను గ్రహిస్తాడు. చివరికి చేరుస్తాడు కూడా. పేరు బ్లైండ్ కౌంటే, పని మాత్రం బేరం.

అందువల్ల రీకౌంట్ వేరే మనిషి చేయాలి. మొదటి అంకె గానీ కంప్యూటర్ అంకె గానీ అతనికి తెలియకూడదు. ఇంతవరకు చాలామంది పాటిస్తారు. తక్కువమంది పాటించేది, నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది, ఇంకొకటి ఉంది. రీకౌంట్ జాబితాలో మొదటిసారే సరిగ్గా సరిపోయిన అరలను కూడా కొన్ని కలపాలి. తేడా వచ్చిన అరలు 40 ఉంటే, సరిపోయినవి 10 కలిపి 50 ఇవ్వాలి. ఏవి ఏవో చెప్పకూడదు. అప్పుడు ఒక అరకు పంపడం వల్ల అక్కడ తేడా ఉందని తేల్చి చెప్పినట్టు కాదు. పైగా ఆ పది అరలు బృందం పనితనానికి కొలత అవుతాయి. సరిపోయాయనుకున్న పదిలో రెండు రీకౌంట్‌లో మారిపోతే, ఆ ఇద్దరిలో ఎవరి లెక్క తప్పో తర్వాత తేల్చవచ్చు. ముందు ఆ నడవాలో అంకె ఎక్కడో బయటికి వస్తోందని అనుమానించి, మొత్తం నడవా మళ్లీ లెక్కించాలి.

రెండో లెక్క వచ్చాక ఏం చేయాలన్నది కూడా అదే సూత్రం నుంచి వస్తుంది. పరస్పరం తెలియని రెండు జవాబులు ఒకటైతే దాన్ని అంగీకరించాలి. ఇద్దరు మనుషుల లెక్కలు కలిస్తే, కంప్యూటర్ ఏం చెప్పినా వారిదే నిలుస్తుంది. రెండో మనిషి లెక్క కంప్యూటర్‌తో కలిస్తే, అతనికి అంకె తెలియదన్న నమ్మకం ఉన్నంతవరకు అదీ చాలు. మూడూ వేర్వేరుగా ఉంటే మూడో మనిషిని పంపాలి. మొదటి రెండు లెక్కల సగటు తీయడం కొన్నిచోట్ల చూశాను. అరలో 89న్నర ముక్కలు ఉండవు. ఒకరు సరిగా లెక్కించి మరొకరు పొరబడి ఉంటే, సగటు తీయడం సరైనదాన్ని కూడా పాడుచేయడమే. కంప్యూటర్‌కు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవడం అంతకంటే తప్పు. మూడో లెక్క కూడా ఎవరితోనూ కలవకపోతే నాలుగో మనిషిని పంపడంలో అర్థం లేదు. అప్పుడు తప్పు మనుషుల్లో కాక అరలో ఉంటుంది. వేరే వస్తువులు కలిసిపోయి ఉంటాయి, లేదా అదే వస్తువు ఇంకో చోట కూడా ఉండి ఒకరు దాన్ని కలిపి, మరొకరు వదిలేసి ఉంటారు. సరుకంతా కిందికి దించి, సర్ది, ఇద్దరు కలిసి లెక్కించాలి.

ఇంకో అలవాటు గురించి చెప్పాలి. తగ్గిన వాటినే రీకౌంట్‌కు పంపి, ఎక్కువ వచ్చిన వాటిని అలాగే అంగీకరించడం. తగ్గుదల నష్టంగా కనిపిస్తుంది, మేనేజర్‌ను బాధిస్తుంది. ఎక్కువ వస్తే ఎవరూ బాధపడరు. కానీ లెక్క పొరపాట్లు రెండు వైపులా పడతాయి. తగ్గిన వాటిలోని పొరపాట్లను మాత్రమే సవరిస్తే, ఎక్కువ వచ్చిన వాటిలోనివి అలాగే నిల్వలోకి ఎక్కుతాయి. ఆ రాత్రి నష్టం తక్కువగా కనిపిస్తుంది. తర్వాతి లెక్కలో లేని సరుకు లేదని తేలి, పాత నష్టం కొత్త నష్టంగా బయటపడుతుంది. ఒక లెక్కలో నష్టం అనూహ్యంగా తగ్గి, వెంటనే తర్వాతి లెక్కలో పెరిగిన దుకాణంలో నేను మొదట అడిగేది ఇదే: ఎక్కువ వచ్చిన వాటిని కూడా రెండోసారి చూశారా?

ఇప్పుడు టాలరెన్స్. ప్రతి చిన్న తేడాకూ మనిషిని తిరిగి పంపితే తెల్లవారిపోతుంది కాబట్టి, ఇంతవరకు తేడా ఉన్నా రీకౌంట్ అక్కర లేదని ఒక గీత గీస్తారు. ఆ గీత దేనికోసమో మరచిపోవడం వల్లే ఎక్కువ గందరగోళం వస్తుంది. టాలరెన్స్ రీకౌంట్ చేయాలా వద్దా అన్నది మాత్రమే తేలుస్తుంది. తేడాను పట్టించుకోవద్దని అనదు. గీత లోపల ఉన్న తేడా రీకౌంట్ లేకుండా అంగీకారం పొందుతుంది, అంతే. కంప్యూటర్ నిల్వను మాత్రం లెక్కించిన అంకెకు మార్చాల్సిందే.

కొన్ని దుకాణాల్లో తేడా పరిమితి లోపల ఉంటే కంప్యూటర్ అంకెనే ఉంచేస్తారు. దాని ఫలితం నెమ్మదిగా అమ్ముడయ్యే చిన్న వస్తువుల దగ్గర తెలుస్తుంది. కంప్యూటర్‌లో 2, అరలో సున్నా. తేడా రెండే, పరిమితి లోపలే ఉంది, అంకె అలాగే ఉండిపోతుంది. నిల్వ అయిపోయినప్పుడు మాత్రమే కొత్త సరుకు అడిగేలా ఆ వస్తువును అమర్చి ఉంటే, కంప్యూటర్ దృష్టిలో ఇంకా రెండు ఉన్నాయి కాబట్టి ఆర్డర్ వెళ్లదు. సరుకు లేదు కాబట్టి అమ్మకం జరగదు. అమ్మకం లేదు కాబట్టి ఆ రెండూ ఎప్పటికీ తగ్గవు. అర వారాల తరబడి ఖాళీగా ఉంటుంది. అందుకే సున్నాకు టాలరెన్స్ వర్తించకూడదు. లెక్క సున్నా అయి కంప్యూటర్‌లో ఏదైనా ఉన్నా, కంప్యూటర్‌లో సున్నా ఉండి అరలో ఏదైనా దొరికినా రీకౌంట్ తప్పనిసరి.

గీతను ఎక్కడ గీయాలి? శాతం ఒక్కటే పెట్టుకుంటే ఏం జరుగుతుందో చూడండి. పరిమితి 5 శాతం అనుకుందాం. 4 ఉండాల్సిన చోట 3 ఉంటే తేడా 25 శాతం, మనిషి పరుగెత్తాలి. 400 ఉండాల్సిన చోట 388 ఉంటే తేడా 3 శాతమే, 12 ముక్కలు ప్రశ్న లేకుండా దాటిపోతాయి. ముక్కల సంఖ్యే పెట్టుకుంటే దీనికి ఎదురు జరుగుతుంది. వేగంగా అమ్ముడయ్యే చిన్న వస్తువుల అరలన్నీ రీకౌంట్‌కు వస్తాయి, ఖరీదైన ఒక్క ముక్క పోయినా గీత దాటదు. అందుకని రెండూ కలిపి వాడాలి. తేడా ఇన్ని ముక్కలకూ మించాలి, ఇంత శాతానికీ మించాలి, అప్పుడే రీకౌంట్. దీనికి విడిగా, తేడా విలువ ఫలానా మొత్తం దాటితే ముక్కలు, శాతం చూడకుండా రీకౌంట్. సులభంగా జేబులో పట్టేవి, ఖరీదు ఎక్కువైనవి, రేజర్ బ్లేడ్లు, బ్యాటరీలు, సౌందర్య సాధనాల వంటివాటికి పరిమితే ఉండకూడదు. ఒక్క ముక్క తేడాకూ తిరిగి చూడాలి. తూకం వేసే సరుకుకు ముక్కల లెక్క పనికిరాదు. అక్కడ తూకం యంత్రం చూపగల అతి చిన్న బరువు, ఖాళీ డబ్బా బరువు తీసివేత, తేమ ఆరిపోవడం లెక్కలోకి వస్తాయి. దానికి వేరే గీత పెట్టుకోవాలి.

ఈ గీతను వస్తువు వస్తువుకూ విడిగా అన్వయించాలి, విభాగం మొత్తానికి కలిపి కాదు. మరొక మాట: పరిమితి ఎంతో లెక్కించేవారికి తెలియకపోవడమే మంచిది. మూడు ముక్కల వరకు ఎవరూ తిరిగి అడగరని తెలిస్తే, అలసిపోయిన మనిషి చివరి వరుసను అంచనా వేసి రాస్తాడు. అది అతని చెడ్డతనం కాదు, అర్ధరాత్రి దాటాక మోకాళ్ల మీద కూర్చున్న ఎవరైనా చేసే పనే.

ఇదంతా ఒక నడవాలో ఎలా నడుస్తుందో చూద్దాం. ఒంటి శుభ్రత వస్తువుల అరలు. నియమం ఇది: తేడా 2 ముక్కలకూ 3 శాతానికీ కూడా మించితే రీకౌంట్, బ్లేడ్లకు ఏ తేడాకైనా రీకౌంట్, సున్నాకు ఎప్పుడూ రీకౌంట్. దుకాణం మూసి, చివరి బిల్లు నమోదై, ఆ రోజు దించుకున్న సరుకంతా కంప్యూటర్‌లోకి ఎక్కాకే లెక్క మొదలైంది. ఈ ముగింపు సరిగా జరగకపోతే కింద చెప్పే ఏ తేడాకూ అర్థం ఉండదు.

ఆకుపచ్చ మూత షాంపూ కంప్యూటర్‌లో 60, లెక్కలో 72. అదే కంపెనీ నీలం మూత షాంపూ కంప్యూటర్‌లో 48, లెక్కలో 36. బ్లేడ్ల ప్యాకెట్లు 41 ఉండాల్సింది 14. టూత్‌పేస్టు 96కు 88. టిష్యూ ప్యాకెట్లు 210కి 206. పెదవుల బామ్ 2కు సున్నా. సబ్బు 54కు 54. విభాగం మొత్తాన్ని కలిపి చూసి ఉంటే రెండు షాంపూల తేడాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుని మాయమయ్యేవి. వస్తువువారీగా చూశాం కాబట్టి రెండూ పట్టుబడ్డాయి. టిష్యూల్లో తేడా 4 ముక్కలు, కానీ 2 శాతంలోపే. రీకౌంట్ లేకుండా 206గా నమోదవుతుంది. మిగతా అయిదింటితో పాటు, సరిపోయిన సబ్బును కూడా కలిపి ఆరు అరలు రెండో మనిషికి వెళ్లాయి.

అతని లెక్క: షాంపూలు 72, 36. బ్లేడ్లు 41. టూత్‌పేస్టు 91. బామ్ సున్నా. సబ్బు 54. షాంపూలకు ఇద్దరూ కలిశారు, ఆ అంకెలు నిలుస్తాయి. బ్లేడ్లకు రెండో మనిషి లెక్క, తనకు తెలియని కంప్యూటర్ అంకెతో కలిసింది. మొదటి తేడా 27, అంటే 9తో భాగిస్తే శేషం రాని అంకె. రెండు పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9 గుణిజమే అవుతుంది. 41ని 14గా నొక్కారని దీంతో స్పష్టమవుతుంది. టూత్‌పేస్టుకు 96, 88, 91 అని మూడు అంకెలున్నాయి, ఏ రెండూ కలవలేదు. మూడో మనిషి వెళ్లాడు, అతనికీ 91 వచ్చింది. మూడు డబ్బాలు అర వెనక సందులో అడ్డంగా పడి ఉన్నాయి. మొదటి మనిషి వాటిని చూడలేదు.

మొదటి లెక్కను అలాగే నమ్మి ఉంటే ఈ నడవాలో 41 ముక్కలు తగ్గాయని చెప్పేవాళ్లం. రీకౌంట్ తర్వాత ఎక్కువ తక్కువలను కలిపితే తగ్గింది 11: టూత్‌పేస్టు 5, టిష్యూ 4, బామ్ 2. నష్టం ఎంత అన్న ప్రశ్నకు జవాబు ఇదే. కానీ కంప్యూటర్ ఎంత తప్పుగా ఉంది అన్నది వేరే ప్రశ్న. దానికి ఎక్కువ తక్కువలు కలిపేయకుండా అన్ని తేడాలనూ కూడాలి. అప్పుడు షాంపూల 24 కూడా చేరి 35 అవుతుంది. నివేదికలో మొదటి అంకె ఒక్కటే కనిపిస్తే, షాంపూల అరల వెనక ఏదో తప్పు జరుగుతోందని పై వాళ్లకు ఎప్పటికీ తెలియదు.

షాంపూల తేడాకు రెండు కారణాలు ఉండవచ్చు. సరుకు దించుకున్నప్పుడు ఆకుపచ్చ పెట్టెను నీలంగా నమోదు చేసి ఉండవచ్చు. లేదా బిల్లింగ్ కౌంటర్‌లో రెండు రకాలూ కొన్నవారికి ఆకుపచ్చ సీసానే స్కాన్ చేసి, సంఖ్య మార్చి బిల్లు వేసి ఉండవచ్చు. విచిత్రంగా రెండింటిలోనూ తేడా ఒకే దిశలో వస్తుంది, ఆకుపచ్చ ఎక్కువగా, నీలం తక్కువగా. అయితే కౌంటర్‌లో జరిగే పొరపాట్లు ఒకటి రెండుగా పోగవుతాయి, ఏ అంకె దగ్గరైనా ఆగవచ్చు. ఇక్కడ తేడా సరిగ్గా 12, పెట్టెలో ఉండేవీ 12. కాబట్టి ముందుగా తెరవాల్సింది సరుకు రశీదుల ఫైలు. రశీదులో ఆకుపచ్చవి ఎన్ని పెట్టెలు, నమోదులో ఎన్ని అని పోల్చితే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. అక్కడ దొరకకపోతే అప్పుడు బిల్లుల వైపు వెళ్లాలి.

బామ్‌ను సున్నాకు మార్చగానే ఉదయానికి ఆర్డర్ జాబితాలో దాని పేరు కనిపిస్తుంది. టూత్‌పేస్టు 5 ముక్కలకు ఏ గుర్తూ లేదు. పెట్టె సంఖ్యతో సరిపోదు, 9 గుణిజం కాదు, పక్క అరలో అంతే ఎక్కువ రాలేదు, పగిలినవాటి పుస్తకంలో లేదు. అలాంటప్పుడు కారణం కల్పించకుండా దాన్ని తెలియని నష్టం కింద రాసి, ఆ ఒక్క అరను వచ్చే నాలుగు వారాలు వారానికోసారి, అంకె చూపకుండా, ప్రతిసారీ వేరే మనిషితో లెక్కించాలి. అయిదు ఒకే రోజు పోయాయా, వారానికొకటి చొప్పున పోతున్నాయా అన్నది అప్పుడు తెలుస్తుంది.